మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే ఏం చేయాలి?

పిల్లల వార్డులో నర్సుగా ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాను. మా దగ్గరికి జ్వరంతో వచ్చే పసిబిడ్డల్లో చాలామంది ఒక రాత్రి ఆలస్యంగా వస్తారు. ఆ రాత్రంతా ఇంట్లో చుక్కల మందు, తడి గుడ్డ, దిష్టి తీయడం, తెల్లారాక చూద్దాంలే అనుకోవడంతో గడిచిపోతుంది. ఏడాది పిల్లాడికైతే ఒక పూట చూడొచ్చేమో. మూడు నెలల లోపు బిడ్డ విషయంలో అది కుదరదు.

ముందు కొలవండి. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. నుదుటి మీద పెట్టే గన్ వద్దు, పగిలే పాదరసం గాజుది అసలే వద్దు. చంకలో చెమట తుడిచి, థర్మామీటర్ కొసను చంక గుంటలోకి పెట్టి, చేతిని ఒంటికి ఆనించి, బీప్ వచ్చేదాకా పట్టుకోండి. అంకెను, టైమును కాగితం మీద రాయండి. ‘చెయ్యి పెడితే కాలిపోతోంది’ అన్న మాటతో డాక్టరుకు పెద్దగా పని జరగదు. ‘రాత్రి 8 గంటలకు 101.2’ అంటే జరుగుతుంది.

చంకలో 99.5 ఫారెన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ రోజే డాక్టరు చూడాలి. 100.4 ఉన్నా, దాటినా అర్ధరాత్రయినా బయల్దేరాలి. 99.5కీ 100.4కీ మధ్య ఉండి, బిడ్డకు టోపీ, సాక్సులు, రెండు దుప్పట్లు కప్పి ఉంటే అవి తీసేసి పావుగంటాగి మళ్ళీ కొలవండి. అయితే బిడ్డ హుషారుగా పాలు తాగుతుంటేనే ఆ పావుగంట ఆగండి. ఒళ్ళు చల్లబడి 95.9 కంటే తగ్గినా అంతే ప్రమాదం. ఇన్ఫెక్షన్ ముదిరిన పసిబిడ్డల్లో కొందరికి జ్వరం రాదు, ఒళ్ళు చల్లబడుతుంది.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. అంకె చూశారు, టెన్షన్ పడ్డారు, ఇంట్లో పారాసిటమాల్ చుక్కలు ఉన్నాయి. వేసి చూద్దాం అనుకుంటారు. గంటన్నరకు జ్వరం దిగుతుంది, బిడ్డ పడుకుంటుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ పారాసిటమాల్ వేడిని మాత్రమే దించుతుంది, లోపలి సూక్ష్మజీవిని ఏమీ చేయదు. మామూలు వైరల్ జ్వరమైనా, మెదడువాపు జ్వరమైనా చుక్కలు వేస్తే కాసేపు దిగుతుంది. కాబట్టి ‘మందుకు తగ్గింది’ అన్నది బిడ్డ బాగుందనడానికి గుర్తు కాదు.

ఈ వయసులో ఒంటికి ఇన్ఫెక్షన్‌ను ఒకచోట కట్టిపెట్టే శక్తి ఇంకా రాదు. మూత్రంలో మొదలైంది రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడు పొరల దాకా గంటల్లోనే పాకిపోగలదు. పైకి మాత్రం గుర్తులు కనబడవు. పెద్దవాళ్ళలో మెడ బిగుసుకుంటే మెదడువాపు అనుమానిస్తాం. పసిబిడ్డల్లో ఆ బిగువు చాలాసార్లు ఉండదు. పాలు సరిగా పట్టకపోవడం, మగతగా ఉండటం, ఊరుకోబెట్టినా ఊరుకోకపోవడం, అంతే. ఈ జ్వరాల్లో ఎక్కువ శాతం వైరల్‌వే, తమంతట తగ్గేవే. కానీ వాటిలో ప్రమాదకరమైనది ఏదో చూసి చెప్పడం నావల్ల కాదు, మీ అత్తగారి వల్లా కాదు, పిల్లల డాక్టరు వల్ల కూడా కాదు. టెస్టులు చేయాల్సిందే.

ఒక పాప సంగతి చెప్తాను. వయసు 45 రోజులు. ఆరు వారాల టీకా వేయించి మూడు రోజులైంది. సాయంత్రం ఒళ్ళు వేడెక్కింది, పాలు సగం తాగి వదిలేసింది. టీకా జ్వరమేనని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు, టీకా రోజు ఇచ్చిన చుక్కలే వేశారు. జ్వరం దిగింది, పాప లేచి కొంచెం పాలు కూడా తాగింది. తెల్లవారుజామున మళ్ళీ 102. టీకా వల్ల వచ్చే జ్వరం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి పోతుంది, మూడో రోజు కొత్తగా మొదలైతే కారణం వేరే వెతకాలి. ఆ పాపకు మూత్రంలో ఇన్ఫెక్షన్, ల్యాబులో సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ టెస్టులో ఈ.కోలై అనే బాక్టీరియా వచ్చింది. వెన్నులో నీరు శుభ్రంగానే ఉంది, అంటే మెదడువాపు లేదు. పది రోజులు యాంటీబయాటిక్ వాడాక ఇంటికి పంపించారు. టీకా వేసిన రోజు వచ్చిన జ్వరమైనా సరే, టీకా వేసిన చోటికో డాక్టరుకో ఫోన్ చేసి చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చేయండి. పాలు మానేస్తే మాత్రం వాళ్ళకు ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చుక్కల్లో ఇంకో ప్రమాదం ఉంది. పారాసిటమాల్ చుక్కల్లో మామూలుగా ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్‌లో అంత మందు రావాలంటే నాలుగైదు ఎంఎల్ కావాలి. సిరప్ కొలతతో చుక్కలు పోస్తే డోసు నాలుగైదు రెట్లవుతుంది. డాక్టరు బరువు చూసి రాయకుండా వేయకండి. ఇప్పటికే వేసేసి ఉంటే దాచకండి, ఎంత వేశారో ఎప్పుడు వేశారో చెప్పండి. ఆసుపత్రికి చేరేసరికి ఒళ్ళు చల్లగా ఉన్నా ఇంట్లో కొలిచిన అంకె లెక్కలోకి వస్తుంది, కాగితం చూపించండి.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ మందు అంతకంటే చెడ్డది. సగం డోసుకు జబ్బు పోదు, కానీ కల్చర్‌లో సూక్ష్మజీవి పట్టుబడకుండా దాక్కుంటుంది. తేనె, వస, కర్పూరం, వాము పొగ, కడుపు మీద వాతలు, ఆల్కహాల్‌తో తుడవడం: ఏదీ వద్దు. కర్పూరం ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ రావచ్చు. తేనెతో బోటులిజం అనే విషప్రభావం రావచ్చు.

వీటిలో ఏది కనబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి, థర్మామీటర్ కోసం వెతక్కండి: పాలు పూర్తిగా మానేయడం, ఫిట్స్, కదిపితే తప్ప కదలకపోవడం, డొక్కలు ఎగరేయడం, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీయడం, మాడు ఉబ్బడం, ఒళ్ళు నీలంగా మారడం. ఊపిరిని ఫోన్‌లో టైమర్ పెట్టి, పొట్ట లేచి పడటం చూస్తూ నిమిషమంతా లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిబిడ్డల్లో లెక్క తప్పుతుంది.

బిడ్డ తాగగలిగితే దారిలో అమ్మ పాలు ఇస్తూనే ఉండాలి. అమ్మ తప్పకుండా వెళ్ళాలి, నానమ్మ ఒక్కతే ఎత్తుకొని రావడం మేం ఒప్పుకోం. డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు పట్టుకెళ్ళండి. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఆగి సూది వేయించుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు బిడ్డకు వైద్యం, టెస్టులు, రవాణా ఉచితం. డబ్బు లేదని రాత్రి ఆగనక్కర్లేదు.

అక్కడ రక్తం, మూత్రం తీసుకుంటారు. బిడ్డ వయసును, పరిస్థితిని బట్టి వెన్నులో నీరు కూడా తీయాలంటారు. ఇక్కడే పెద్దవాళ్ళు అడ్డుపడతారు, నడుం పడిపోతుందని. వెన్నుపాము ముగిసిన చోటుకు కిందే సూది గుచ్చుతారు, తీసేది కొన్ని చుక్కలే. మెదడువాపు ఉందో లేదో తేల్చేది ఆ నీరే. యాంటీబయాటిక్ ఎన్ని రోజులివ్వాలో కూడా దాన్నిబట్టే ఉంటుంది. సంతకం అడిగితే భయపడకండి, అర్థం కానిది అడిగి తెలుసుకోండి. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, జ్వరం తగ్గిందని మధ్యలో డిశ్చార్జి అడగకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలితే కిడ్నీల స్కాన్ రాస్తారు. ఇంటికెళ్ళాక బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆ స్కాన్ చేయించండి.