మ్యాట్రిక్స్ ఎట్టకేలకు కుదిరింది: నా అనుభవం

పన్నెండు స్వరాలూ ఒక్కోసారే వచ్చే స్వరవరుసనూ దాని రూపాలనూ 12 అడ్డం, 12 నిలువు గళ్లలో చూపే పట్టికే ఈ మ్యాట్రిక్స్. నేను వేస్తే నిలువు వరుసల్లో ఒకే స్వరం రెండుసార్లు వచ్చేది. స్వరాల పేర్లతో లెక్కించడం, కీబోర్డుపై వెతకడం పనిచేయలేదు.

సంగీతకర్త షోన్‌బర్గ్ ఓపస్ 25 పియానో స్వీట్‌లోని స్వరవరుస తీసుకున్నాను. మొదటి స్వరం ‘ఈ’ని సున్నా అనుకుని, అర్ధస్వరాలు లెక్కపెట్టి పైవరుస రాశాను: 0 1 3 9 2 11 4 10 7 8 5 6. సున్నాను అలాగే ఉంచి, మిగతావాటిని 12లోంచి తీసేసి ఎడమ నిలువు నింపాను: 0 11 9 3 10 1 8 2 5 4 7 6. ఇదే ఇన్వర్షన్, అంటే వరుస తలకిందుల రూపం. తర్వాత ప్రతి అడ్డవరుసలో ఎడమ అంకెను పైవరుసకు కలిపి, 12 చేరినా దాటినా 12 తీసేశాను. రెండోది 11 0 2 8తో మొదలైంది.

ఐమూలగా అన్నీ సున్నాలే వచ్చాయి! పైవరుసను కుడినుంచి చదివితే రెట్రోగ్రేడ్, అంటే వెనకనుంచి ముందుకు వచ్చే రూపం. ఇందులో మొదటి నాలుగు స్వరాలు జర్మన్ పేర్లలో బి, ఏ, సి, హెచ్: సంగీతకర్త బాఖ్ పేరే.

మొదటి స్వరాన్ని సున్నాగా పెట్టకపోతే ఈ తీసివేత కుదరదు. ఐమూల బాగున్నా మిగతా గళ్లలో తప్పుండొచ్చు. ప్రతి వరుసలో 12 అంకెలూ ఉన్నాయో చూడాలి.