క్లాసు నోట్సును ప్రశ్నల పేజీగా తిరగరాయడం ఎలా?

మా అక్క కూతురు నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. మునుగోడు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఇంటర్నల్స్ దగ్గర పడినప్పుడు ఒక సాయంత్రం నోట్సు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అన్నీ రాసుకున్న మామా. చదువుతుంటే తెలిసినట్టే ఉంటది. బుక్కు మూసి చెప్పమంటే మాత్రం వస్తలేదు" అంది. నోట్సు తీసి చూశాను. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రాతే. లెక్చరర్ చెప్పిన మాట ఒక్కటీ వదల్లేదు. కానీ పుస్తకం మూసి తనను తాను ప్రశ్నించుకోవడానికి ఆ పేజీలో జాగా లేదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్క పాఠాన్ని తిరగరాశాం. ఎలా రాశామో ఇక్కడ చెబుతాను.

ఈ పేజీ అమరికను 1950ల్లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ప్రొఫెసర్ రూపొందించారు. అందుకే కార్నెల్ నోట్స్ అంటారు. ఆయన లెక్క ప్రకారం కుడివైపు నోట్సుకు 6 అంగుళాలు, ఎడమవైపు ప్రశ్నలకు రెండున్నర, అడుగున సారాంశానికి 2 అంగుళాలు. క్లాసులోనే ఆ గీతల మధ్య రాయమన్నారు. మన క్లాసుల్లో సగం డిక్టేషనే కాబట్టి అక్కడ రఫ్‌గా రాసుకుని, అదే రోజు ఇంట్లో తిరగరాయడం నయం. రెండు రోజులు దాటితే మన పొట్టి రాతలు మనకే అర్థం కావు.

గీతలు

ఎ4 కాగితం తీసుకోండి. లాంగ్ నోట్‌బుక్‌లో అచ్చేసి ఉన్న మార్జిన్ దీనికి చాలదు. తెలుగు అక్షరాలకు వెడల్పు కావాలి, అంత సన్నటి చోట ప్రశ్న రాస్తే ఒక్కో మాట రెండు వరసలకు విరుగుతుంది.

ఎడమ అంచు నుంచి 2 సెంటీమీటర్ల దగ్గర ఒక నిలువు గీత, ఏడున్నర దగ్గర ఇంకో నిలువు గీత గీయండి. కింది అంచు నుంచి 5 సెంటీమీటర్లు పైన ఒక అడ్డగీత. నిలువు గీతలు ఈ అడ్డగీత దగ్గరే ఆగాలి. ఇప్పుడు నాలుగు గదులు వచ్చాయి. కుడివైపు పెద్ద గది నోట్సుకు, దాని పక్కన ఐదున్నర సెంటీమీటర్ల గది ప్రశ్నలకు, అన్నిటికన్నా ఎడమన ఉన్న సన్న పట్టీ గుర్తొచ్చిందా లేదా అని గుర్తు పెట్టుకోవడానికి, అడుగు పట్టీ సారాంశానికి. సన్న పట్టీ నేను కలిపింది. ఫైల్‌కు పంచ్ చేసినా రంధ్రాలు అందులోనే పడతాయి, రాత పాడవదు. కాగితానికి ఒక వైపే రాయండి.

కుడి గది: సగానికి తగ్గించాలి

ఆ రోజు మేం తీసుకున్న పాఠం నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారుచేసిన పద్ధతి. మా జిల్లా పేరుతోనే దేశమంతా పాఠాల్లో ఉంది. మా పిల్ల రఫ్ నోట్సులో అది ఒకటిన్నర పేజీ. అందులో ఒక ముక్క ఉన్నది ఉన్నట్టు:

"మన దగ్గర గ్రానైట్ రాళ్లు ఎక్కువ కాబట్టి వాటిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కలుస్తుంది, 1.5 దాటొద్దు, పళ్ల మీద మచ్చలు, ఎముకలు వంగడం, దీనికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు, కలిపితే తెట్టెలా వచ్చి అడుగుకు దిగుతుంది. కాచితే పోదు."

ఇది చూసి ఎత్తిరాస్తే చేతికి నొప్పి తప్ప ఏమీ మిగలదు. తిరగరాసేటప్పుడు ప్రతి వాక్యాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. ఇది దేని తర్వాత వస్తుంది? దేని వల్ల జరుగుతుంది? అలా అడిగినప్పుడే మాకు రెండు లోపాలు దొరికాయి.

మొదటిది వరస. ఆమె "పటిక, సున్నం, బ్లీచింగ్" అని రాసుకుంది. అది లెక్చరర్ నోట్లోంచి పేర్లు వచ్చిన వరస, నీళ్లలో వేసే వరస కాదు. ముందు సున్నం పడాలి. పటిక నీళ్లలో కరిగితే ఆమ్లత్వం పెరుగుతుంది. సున్నం ఇచ్చే క్షారం దాన్ని సరిచేస్తేనే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు బాగా కడతాయి, ఫ్లోరైడ్ వాటిని అంటుకుని అడుగుకు దిగుతుంది. లేకపోతే అల్యూమినియం నీళ్లలోనే మిగిలే ప్రమాదం ఉంది. సున్నం మోతాదు పటికలో సుమారు ఇరవయ్యో వంతు. బ్లీచింగ్ పౌడర్‌కు ఫ్లోరైడ్‌తో పని లేదు, అది క్రిములను చంపడానికి.

రెండోది "కాచితే పోదు" అన్న మాట. క్లాసులో ఎవరో అడిగితే సార్ చెప్పారట. ఎందుకు పోదో నోట్సులో లేదు, ఆమెకూ తెలియదు. నాకు తెలిసినా చెప్పలేదు. కుడి గదిలో రెండు వరసలు ఖాళీ వదిలి పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టమన్నాను. తిరగరాసేటప్పుడు తెలియనిది ఎదురైతే అక్కడ ఊహించి నింపకండి. ఖాళీ ఉంటేనే మర్నాడు సార్‌ను అడగడం గుర్తుంటుంది.

చివరికి కుడి గదిలో మిగిలినవి ఇవి:

గ్రానైట్ రాళ్ల ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ → భూగర్భ జలం.
హద్దు: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.
దాటితే: ముందు పళ్ల మీద మచ్చలు, తర్వాత ఎముకల వంపు.
సున్నం, బ్లీచింగ్ → పటిక → కలపడం (ఇంట్లో బకెట్‌లో అయితే 10 నిమిషాలు) → గంట కదపకుండా ఉంచడం → పైనీళ్లు వంపుకోవడం.
ఇబ్బంది: అడుగున మిగిలే మడ్డి ఎక్కడ పారేయాలి?
కాచితే పోదు. ఎందుకంటే: ____

ఒకటిన్నర పేజీ పద్నాలుగు వరసలకు దిగింది. మీది కూడా సగానికన్నా తగ్గకపోతే ఇంకా ఎత్తిరాస్తున్నారనే అర్థం. ఒక్కో విషయం మధ్య ఒక వరస ఖాళీ వదలండి, ఎడమవైపు ప్రశ్న సరిగ్గా దాని ఎదురుగా రావాలి.

ఎడమ గది: అసలు పని ఇక్కడే

దాదాపు అందరూ తప్పు చేసేది ఈ గదిలోనే. మా పిల్ల మొదట "హద్దు", "పటిక", "ఇబ్బందులు" అని రాసింది. అవి హెడ్డింగులు. హెడ్డింగు చూస్తే "ఆ, ఇది తెలుసు" అనిపిస్తుంది, అంతే. జవాబు చెప్పాల్సిన అవసరం రాదు. తెలుసనుకుని మోసపోవడానికి అసలు కారణం అదే.

"సున్నం వేస్తే క్షారం పెరుగుతుందా?" అన్నదీ పనికిరాదు. జవాబు ప్రశ్నలోనే ఉంది, అవును అంటే అయిపోయింది. దాన్ని "పటిక కన్నా ముందు సున్నం ఎందుకు? వేయకపోతే నీళ్లలో ఏం మిగులుతుంది?" అని మార్చాం. ఇప్పుడు నోరు తెరిచి రెండు వాక్యాలు చెప్పక తప్పదు. మిగతావి ఇలా వచ్చాయి: "మన బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి?", "మూడు పదార్థాల్లో ఫ్లోరైడ్‌తో సంబంధం లేనిది ఏది, మరి ఎందుకు వేస్తారు?", "కాచితే ఎందుకు పోదు?"

ప్రశ్న సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి. కుడి గది మూసి, ఆ పాఠం వినని వాళ్లకు ఎడమ గది చూపించండి. వాళ్లకే జవాబు తట్టిందంటే ప్రశ్న మార్చాలి. ఒక పేజీకి ఐదారు ప్రశ్నలు చాలు. పది దాటితే చిన్నచిన్న సంగతులు కూడా ప్రశ్నలైపోయాయని అర్థం.

పరీక్ష ఏ భాషలో రాస్తారో ప్రశ్నలూ ఆ భాషలోనే రాయండి. మా పిల్లది ఇంగ్లిష్ మీడియం. ఆ రోజు అర్థం కావడానికి తెలుగులో రాయించాను కానీ, మర్నాడు ఇంగ్లిష్‌లోకి మార్చమని చెప్పాను. పేపర్లో ప్రశ్న వేరే మాటల్లో కనిపిస్తే తెలిసింది కూడా తట్టదు.

సన్న పట్టీ, అడుగు పట్టీ

ప్రశ్నలు అయ్యాక వెంటనే పరీక్ష పెట్టుకోకండి. ఇప్పుడే రాసింది కళ్ల ముందు ఉంటుంది కాబట్టి అన్నీ వస్తాయి. అన్నం తినో, ఇంకో పని చూసుకునో రండి. తర్వాత కుడి గది మీద అట్ట పెట్టి, ఒక్కో ప్రశ్నకు పైకి చెప్పండి. మనసులో అనుకుంటే సగం మాటలు మింగేస్తాం. అట్ట తీసి సరిచూసి, సన్న పట్టీలో ఆ ప్రశ్న ఎదురుగా తారీఖు వేసి గుర్తు పెట్టండి: పూర్తిగా వస్తే టిక్కు, సగం వస్తే సున్నా, రాకపోతే ఇంటూ. సగం వచ్చినదానికి టిక్కు పెట్టకండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి ఇలాగే చేయండి. వరసగా మూడు టిక్కులు పడిన ప్రశ్నను పరీక్ష దాకా వదిలేయొచ్చు. ఇంటూలు ఉన్నవాటినే చదవండి. ఒకే ప్రశ్నకు మూడుసార్లూ ఇంటూ పడితే జ్ఞాపకశక్తిని తిట్టుకోకండి. కుడి గదిలో ఆ విషయం అర్థమయ్యేలా లేదేమో చూడండి.

సారాంశం మొదటిసారి ఇలా చెప్పుకున్న తర్వాతే, కుడి గది మీద మళ్లీ అట్ట పెట్టి రాయాలి. రెండు మూడు వాక్యాలు. మా పిల్ల "ఈ పాఠంలో ఫ్లోరైడ్ గురించి, దాన్ని తొలగించే పద్ధతి గురించి తెలుసుకున్నాం" అని రాసింది. కొట్టేయించాను. అది ఏ పాఠానికైనా అతుకుతుంది, ఒక్క సంగతి చెప్పదు. రెండోసారి ఇలా రాసింది: "గ్రానైట్ నేలల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 దాటితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. సున్నం, తర్వాత పటిక వేస్తే కట్టే తెట్టెలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని దిగుతాయి. ఖర్చు తక్కువే కానీ మడ్డి మిగులుతుంది." పరీక్ష ముందు రాత్రి ఫైల్ తిరగేస్తూ అడుగు పట్టీలే చూసుకుంటూ పోవచ్చు.

ఒక క్లాసు నోట్సుకు మాకు ముప్పావు గంట పట్టింది. రోజూ అయిదు క్లాసులకు ఇలా చేయడం కుదరదు, బస్సు ప్రయాణం ఉన్నవాళ్లకు అసలే కుదరదు. కారణాలు, వరసలు, తేడాలు ఎక్కువ ఉన్న పాఠాలను రోజుకు ఒకటో రెండో ఎంచుకోండి. లెక్కలకు, డెరివేషన్లకు ఈ పేజీ అంతగా నప్పదు. వాటిని కాగితం మీద మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

మర్నాడు మా పిల్ల ఖాళీ గురించి సార్‌ను అడిగింది. కాచితే నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, గిన్నెలో మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. ఆ రెండు వరసలూ ఎర్ర పెన్నుతో నింపి నాకు ఫొటో పంపింది. వారం తర్వాత చూస్తే ఆ ప్రశ్న ఎదురుగా రెండు టిక్కులు ఉన్నాయి. బ్లీచింగ్ పౌడర్ ప్రశ్నకు మాత్రం ఇంకా సున్నానే.