వెబ్‌సైట్ గడువు దాటింది, డెవలపర్‌కు మెయిల్ పెట్టినా తేదీ రావట్లేదా?

మాది గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం. ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం ఒక డెవలపర్‌కు 60,000కి సైట్ అప్పగించాం. డిజైన్ జూన్ 20కి, ఆర్డర్ ఖరారు చేసి డబ్బు కట్టే చెక్అవుట్ జూలై 15కి, సైట్ లైవ్ ఆగస్టు 1కి అన్నది ఒప్పందం. ఆగస్టు 18 నాటికి డిజైన్ తప్ప ఏదీ పూర్తి కాలేదు. ఈలోపు నేను మూడు మెయిళ్లు పెట్టాను, మూడోదే పనిచేసింది.

సమస్య: "రెండు రోజుల్లో అయిపోతుంది సార్" అన్న జవాబే ప్రతిసారీ వస్తుంది

కారణం మన ప్రశ్నలోనే ఉంది. నా మొదటి మెయిల్లో "ఎప్పటికి అవుతుంది?" అని ఒక్క ముక్క అడిగాను. దానికి ఒక్క ముక్క జవాబే వస్తుంది. పైగా "చెక్అవుట్ పెండింగ్" అంటే మూడు రకాలుగా ఉండొచ్చు: కోడ్ రాయలేదు, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మనకు చేర్చే పేమెంట్ గేట్‌వే వాళ్లు మన ఖాతాను ఇంకా ఆమోదించలేదు, లేదంటే షిప్పింగ్ రేట్లు మనమే చెప్పలేదు. మొదటిది అతని పని. రెండోదానికి మన పాన్, బ్యాంకు వివరాలు కావాలి, సైట్‌లో రీఫండ్ పాలసీ, షరతుల పేజీలు కనబడాలి. మూడోది పూర్తిగా మనదే.

కాబట్టి తేదీ అడగొద్దు, మిగిలిన పనుల పట్టిక అడగండి. ఒక్కో పని పక్కన ఎవరు చేయాలి, ఏ తేదీకి, దేనికోసం ఆగింది అన్నవి ఉండాలి. "గేట్‌వే ఆమోదం రాలేదు" అంటే అక్కడితో ఊరుకోకండి. ఆమోదానికి ముందే టెస్ట్ మోడ్‌లో చెక్అవుట్ కట్టి, ఉత్తుత్తి పేమెంట్‌తో చూపించవచ్చు. ఆమోదం లేకపోతే ఆగేది అసలు డబ్బు రావడమే, కోడ్ కాదు.

సమస్య: "మీరే ఫోటోలు ఆలస్యంగా ఇచ్చారు" అని తిరిగి మన మీదకే వస్తుంది

రెండో మెయిల్ కోపంగా రాశాను. మా ఆలస్యం ఊసెత్తలేదు. జూన్ 25కి ఇస్తామన్న ఫోటోలు జూలై 6కి ఇచ్చాం, అంటే 11 రోజులు. అతను దాన్నే పట్టుకున్నాడు, చర్చ అక్కడే ఆగిపోయింది.

మన తప్పును మనమే ముందు రాసేసి, దాని వల్ల ఏ పని ఆగిందో, ఏది ఆగలేదో చెప్పాలి. ఫోటోలు లేకపోతే ప్రొడక్ట్ పేజీలు ఆగుతాయి. చెక్అవుట్‌కు ఫోటో అక్కర్లేదు, పేరూ ధరా చాలు. ఇది రాశాక ఆ వాదనకు చోటు ఉండదు.

సమస్య: కొత్త తేదీ ఇచ్చి, అదీ తప్పుతారు

చివరి తేదీ ఒక్కటే ఉంటే ఆలస్యం ఆ రోజే బయటపడుతుంది. మధ్యలో కంటితో చూసేది ఏదో ఒకటి ఉండాలి. ప్రతి శుక్రవారం టెస్ట్ లింక్ ఇమ్మనండి. స్క్రీన్‌షాట్ ఒప్పుకోకండి, అందులో బటన్ కనిపిస్తుంది గానీ నొక్కితే పనిచేస్తుందో లేదో తెలియదు. మేం అప్పటికే 48,000 కట్టేశాం (అది మా పొరపాటే), చేతిలో మిగిలింది 12,000. దాన్నే రెండుగా విడగొట్టాం.

పంపిన మెయిల్ ఇది:

> విషయం: సైట్ ఆలస్యం – ఆగస్టు 20 లోపు సవరించిన ప్లాన్ కావాలి
>
> నమస్తే అండీ,
>
> ఆగస్టు 1కి లైవ్ కావాల్సిన సైట్ ఈ రోజుకి 17 రోజులు ఆలస్యమైంది. డిజైన్ జూన్ 20కి బదులు జూలై 4న వచ్చింది. చెక్అవుట్ ఇంకా రాలేదు. మా ఫోటోలు 11 రోజులు ఆలస్యమైన మాట నిజమే. దానివల్ల ప్రొడక్ట్ పేజీలు ఆగాయి, చెక్అవుట్ కాదు.
>
> దసరా ఆర్డర్లు ఈ సైట్‌లోనే తీసుకోవాలని ఉన్నాం. అందుకే బ్లాగ్, కూపన్లు తర్వాతకు వదిలేద్దాం. బుధవారం, ఆగస్టు 20 సాయంత్రం 6 లోపు మిగిలిన పనుల పట్టిక పంపండి: పని, ఎవరు, తేదీ, ఆగిన కారణం. మా వైపు నుంచి కావాల్సినవీ అందులోనే రాయండి.
>
> టెస్ట్ మోడ్‌లో ఒక ఆర్డర్ పూర్తయిన రోజు 6,000, లైవ్ అయ్యాక 6,000 చెల్లిస్తాం. పట్టిక రాకపోతే గురువారం ఉదయం 11కి ఫోన్‌లో కూర్చుని కలిసి రాసుకుందాం.

డొమైన్, హోస్టింగ్ లాగిన్‌లు మీ పేరు మీద ఉన్నాయో లేదో మెయిల్ పంపే ముందే చూసుకోండి. ఆ మాట మెయిల్లో ఎత్తితే మాత్రం బెదిరింపులా ఉంటుంది. "లీగల్‌గా వెళ్తాం" అన్న వాక్యం కూడా మూడోసారి రాసేటప్పుడు తీసేశాను.

బుధవారం మధ్యాహ్నానికే పట్టిక వచ్చింది, మొత్తం ఏడు వరుసలు. అందులో రెండిటి పక్కన మా పేరే ఉంది: రీఫండ్ పాలసీ రాసివ్వడం, కిలోకు షిప్పింగ్ ఎంతో చెప్పడం. ఆ రాత్రే కొరియర్ వాళ్ల రేట్ల కాగితం వెతికి తీశాను.