ఫోటో చూసి వివరాలు ఎక్కించడం – 4వ పాఠం: "క్లియర్‌గా పంపండి" అంటే ఏమీ అడగనట్టే

సిరొంచలో మా సెంటర్‌కి వాట్సాప్‌లో వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలే. అందుకే ఈ పాఠం మొత్తం ఆ ఒక్క పేజీ మీదే. అందులో మనకు కావలసినవి మూడే: పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్. ఫోటో బాగా లేకపోతే "క్లియర్‌గా పంపండి" అని రాస్తాం, వాళ్లు అదే చోట, అదే లైటు కింద మళ్లీ అలాంటి ఫోటోనే తీసి పంపుతారు. వాళ్ల తప్పేం లేదు. ఏం మార్చాలో మనం చెప్పలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అసరెల్లి నుంచి ఒక కాక వడ్ల డబ్బుల కోసం పాస్‌బుక్ ఫోటో పంపాడు. ప్లాస్టిక్ కవర్ మీద ట్యూబ్‌లైట్ పడి, ఖాతా నంబరు మధ్యలో మూడు అంకెల మీద తెల్లటి పట్టీ ఉంది, మిగతాదంతా చక్కగా చదవొచ్చు. మెరుపు పడిన చోట ఫోటోలో అసలు ఏమీ మిగలదు, ఎంత జూమ్ చేసినా, ఎంత డార్క్ చేసినా ఆ అంకెలు రావు. కానీ పుస్తకాన్ని కొంచెం వంచితే మెరుపు పక్కకు జరుగుతుంది. అందుకే నేను ఇలా రాశాను: "కాకా, నంబరు మధ్యలో లైటు పడ్డది. పుస్తకాన్ని కవర్‌లోంచి తీసి, ట్యూబ్‌లైట్ నేరుగా పైన లేకుండా కొంచెం వంచి రెండు ఫోటోలు తీయండి, రెండోసారి ఇంకోవైపు వంచండి." రెండు ఎందుకంటే, ఒకదాంట్లో మెరుపు పడ్డ చోటు రెండోదాంట్లో కనిపిస్తుంది.

కాక లైటే వద్దనుకుని పొద్దుగూకాక వాకిట్లోకి వెళ్లి తీశాడు. ఇప్పుడు మెరుపు లేదు గానీ పేజీ అంతా గరగరగా ఉంది, అక్షరాలు రెండేసిగా, ఒకే వైపుకు సాగినట్టు కనిపిస్తున్నాయి. అలా ఒకే వైపుకు సాగితే చెయ్యి కదిలిందని అర్థం. అన్ని వైపులా సమానంగా మెత్తబడితే ఫోకస్ కుదరలేదని, అంటే చాలాసార్లు ఫోన్ మరీ దగ్గర పెట్టారని. ఇక్కడ "కదలకుండా తీయండి" అని అడిగితే లాభం లేదు, ఎందుకంటే చీకట్లో ఫోన్ ఎక్కువసేపు వెలుతురు పోగేసుకోవాలి, ఆ సేపట్లో ఎవరి చెయ్యైనా కదులుతుంది. అడగాల్సింది వెలుతురు: "రేపు పొద్దున గడప దగ్గర, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా." ఫ్లాష్ వేస్తే మళ్లీ మొదటి కథే. ఫోకస్ తప్పితే మాత్రం జానెడు దూరం జరగమని, తెర మీద అక్షరాలను ఒకసారి తాకి తీయమని చెప్పండి.

కాకకి మాత్రం రేపటిదాకా ఆగే వీలు లేదు, ఆ రోజే ఆఖరు. అలాంటప్పుడు ఫోటో వదిలేసి మాట అడగండి. అయితే ముందు, మనకు తెలిసింది అడగకూడదు. ఐఎఫ్ఎస్‌సీ 11 అక్షరాలు: మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచ్‌వి. కాబట్టి ఐదో చోట మసకగా ఉన్న గుండ్రం సున్నానా, ఓ అక్షరమా అని కాకని విసిగించనక్కర్లేదు. ఖాతా నంబరుకి మనం చూసి సరిచూసుకునే అలాంటి సూత్రం లేదు, 3, 6, 8 మసకలో ఒకేలా ఉంటాయి, ఊహించి ఎక్కిస్తే డబ్బు ఇంకొకరి ఖాతాలో పడొచ్చు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఏడో అంకె 8 యేనా కాకా?" అంటే కళ్లజోడు లేని మనిషి "ఆ, 8 యే" అనేస్తాడు. "మొదటి నుంచి ఒక్కో అంకె చదివి వాయిస్ పంపండి" అనండి. వచ్చినదాన్ని ఫోటోలో స్పష్టంగా ఉన్న అంకెలతో పోల్చండి. అవి కలిస్తే మిగతావి నమ్మొచ్చు, కలవకపోతే ఎవరైనా చదువుకున్న పిల్లలతో మళ్లీ చదివించమనండి.

ఇక అంచు తెగిన ఫోటో. నాకు అన్నిటికన్నా భయం దీనితోనే, ఎందుకంటే ఇది చూడటానికి బాగుంటుంది. అక్షరాలు పదునుగా ఉంటాయి, నంబరు పూర్తిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఒక బ్యాంకుకి 11 అంకెలు, ఇంకో బ్యాంకుకి 16 కూడా ఉంటాయి, కుడివైపు ఒక అంకె తెగిపోయినా మనకు తట్టదు. గుర్తుపట్టడానికి ఒక్కటే మార్గం: నంబరు తర్వాత ఖాళీ కాగితం కనిపిస్తోందా? కనిపించకపోతే నంబరు ఎంత స్పష్టంగా ఉన్నా ఎక్కించకండి. "పుస్తకం నాలుగు మూలలూ, చుట్టూ కొంచెం నేల కనపడేలా తీయండి" అని అడగండి.

అభ్యాసం: మీ ఇంట్లో పాస్‌బుక్‌నే ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, చీకట్లో ఒకసారి, కుడి అంచు తెగేలా ఒకసారి ఫోటో తీసి, ఒక్కోదానికి ఎదుటి మనిషికి పంపే మెసేజ్ రెండు వాక్యాల్లో రాయండి. మూడు మెసేజ్‌లూ ఒకేలా వస్తే మళ్లీ రాయండి. 5వ పాఠంలో చేతిరాత సాత్‌బారా చూద్దాం.