సమతాస్థితి – 6వ పాఠం: వేడి మారితే K ఎంత మారుతుంది (పోయిన వారం లెక్క గొడవతో సహా)

ఈ పాఠంలో నేరుగా సున్నం బట్టీలోకి పోదాం అనుకున్నా, కానీ పోయినసారి ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూసినాక ఆ పని కుదరదని అర్థమైంది. ఒకే లెక్కకు నాలుగు రకాల జవాబులు వచ్చినాయి, అందులో ఒకటి మాత్రం నన్ను రాత్రి నిద్ర పోనీలేదు. ముందు దాని సంగతి తేల్చి తర్వాత బట్టీ దగ్గరికి పోదాం.

లెక్క ఇదీ. రంగు లేని N2O4 విడిపోయి గోధుమ రంగు NO2 అవుతుంది. చర్య ఎంథాల్పీ +57.2 కిలోజౌళ్ళు, 25 డిగ్రీల దగ్గర సమతాస్థితి స్థిరాంకం K 0.15. మరి 35 డిగ్రీల దగ్గర ఎంత? వాడాల్సింది వాంట్‌హాఫ్ సమీకరణం:

```
ln(K2/K1) = (ΔH/R) × (1/T1 − 1/T2)
R = 8.314 J/(mol·K)
```

సరైన జవాబు 0.32. ఎక్కువమందికి వచ్చింది, వాళ్ళు ఈ భాగం దాటేసి కిందికి పోవచ్చు.

కొందరికి 0.1501 వచ్చింది, అంటే K దాదాపు కదల్లేదు. వీళ్ళు 57.2ను కిలోజౌళ్ళలోనే వదిలేసినారు, R ఏమో జౌళ్ళలో ఉంది. వెయ్యితో గుణించండి, అంతే. ఇంకొందరికి 0.07 వచ్చింది, అది గుర్తు తిరగబడినందుకు. దీన్ని పట్టుకోవడం సులభం. ఈ గ్యాస్ నింపిన సీసాను ఐసు నీళ్ళలో పెడితే రంగు పాలిపోతుంది, వేడినీళ్ళలో పెడితే ముదురుతుంది, అంటే వేడి చేస్తే NO2 పెరగాలి, K పెరగాలి. మీకు తగ్గిందంటే 1/T1, 1/T2 తారుమారు చేసినట్టే. నేనైతే గుర్తును నమ్ముకోను, ముందే పేపరు మూలన "వేడి పీల్చుకునేది, వేడి పెరిగితే K పెరగాలి" అని రాసుకుని, లెక్కలో ఎంత మారిందో మాత్రమే చూసుకుంటా.

ఇంక ఆ నాలుగో జవాబు. రెండు పక్కన ముప్ఫై మూడు సున్నాలు! ఒకరు కాదు, ఐదుగురు పంపినారు.

ఇది ఎట్ల వచ్చిందో చూడండి. బ్రాకెట్‌లో ఉన్నదాన్ని కొంతమంది ఇట్ల మార్చి రాసుకుంటారు:

```
1/T1 − 1/T2 = (T2 − T1) / (T1 × T2)
```

మార్చడం తప్పు కాదు, నేనూ అట్లనే రాస్తా. పైన ఉన్నది తేడా. 35లో నుంచి 25 తీసినా 10, 308లో నుంచి 298 తీసినా 10. అందుకే "తేడానే కదా సార్, సెల్సియస్ అయితే ఏంది, కెల్విన్ అయితే ఏంది" అని ఒకాయన నాకే ఎదురు అడిగినాడు. పైన ఏం కాదు నాయనా, కింద చూడు. కింద ఉన్నది తేడా కాదు, గుణకారం. 298 × 308 అంటే దాదాపు 91,800. 25 × 35 అంటే 875. కింద సంఖ్య వంద రెట్లకు పైగా చిన్నదైంది కాబట్టి మొత్తం అంతకంత పెద్దదై కూర్చుంది, అది మళ్ళా లాగరిథమ్‌లో నుంచి బయటికి వచ్చేటప్పటికి సున్నాలు వరస కట్టినాయి. ln విలువ 0.75 రావాల్సిన చోట 78.6 వచ్చింది మరి.

ఆ జవాబే నిజమైతే 35 డిగ్రీలకు ఆ సీసాలో N2O4 అణువు ఒక్కటి కూడా మిగలకూడదు. మే నెలలో మా కర్నూల్లో నీడలోనే నలభై దాటుతుంది, ఆ లెక్కన ఎండాకాలం ఇక్కడ N2O4 అనే పదార్థమే ఉండకూడదు!

ఇంకా నమ్మకం కుదరకపోతే T1 బదులు సున్నా డిగ్రీల సెల్సియస్ పెట్టి చూడండి. 1/0 వస్తుంది. లెక్క చచ్చిపోయింది. మైనస్ 5 పెడితే గుర్తే తిరగబడుతుంది. సెల్సియస్ సున్నా అనేది నీళ్ళు గడ్డకట్టే చోటు, అది మనం మన సౌకర్యానికి పెట్టుకున్న గుర్తు, నీళ్ళు గడ్డకట్టేదానికీ ఈ గ్యాస్ విడిపోయేదానికీ ఏం సంబంధం లేదు. సమీకరణం అడిగేది అసలైన సున్నా నుంచి మీరు ఎంత ఎత్తులో ఉన్నారని.

దీన్ని ఇంత సాగదీస్తున్నది ఎందుకంటే ఇందులో ఒక అసలు విషయం దాగి ఉంది. పది డిగ్రీలు అన్ని చోట్లా ఒకే పది డిగ్రీలు కాదు. నేను వాడే అడ్డదారి ఒకటి చెప్తా: గది వేడి దగ్గర ΔH 53 కిలోజౌళ్ళ చుట్టూ ఉంటే, పది డిగ్రీలు పెరిగేసరికి K రెట్టింపు అవుతుంది. మన 57.2 దానికంటే కాస్త ఎక్కువ కాబట్టి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ, 2.1 రెట్లు. కాలిక్యులేటర్ ముట్టుకోకముందే జవాబు 0.3 దగ్గర ఉండాలని తెలిసిపోతుంది. కానీ అదే 53 కిలోజౌళ్ళ చర్యను 1000 కెల్విన్ దగ్గర పది డిగ్రీలు పెంచితే K పెరిగేది ఆరేడు శాతమే. 298కి పది కలపడం వేరు, 1000కి పది కలపడం వేరు, అందుకే కింద ఆ గుణకారం ఉంది. ఇది తలకెక్కితే సెల్సియస్ పెట్టాలన్నా మీ చెయ్యి రాదు.

(2.303 పెట్టి log లో చేసినవాళ్ళవి తప్పు కాదు, పరీక్షలో లాగ్ టేబుల్ ఇస్తే అదే దారి. నాకు మాత్రం ఆ 2.303 అంటే పడదు, ఇక్కడ అంతా ln లోనే చేస్తా.)

సరే, బట్టీ. మన కడప, కర్నూలు వైపు ఇంటి గచ్చుకు పరిచే నాపరాయి సున్నపురాయే. జమ్మలమడుగు దగ్గర నర్జి ఊరి పేరుతోనే భూగర్భ శాస్త్రంలో నర్జి సున్నపురాయి అనే పొర ఉంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు కాల్చేదీ సున్నపురాయినే. రాయి కాలితే జరిగేది ఇదీ:

```
CaCO3 ⇌ CaO + CO2
ΔH = +178 kJ (25 °C దగ్గర)
```

రెండు ఘనపదార్థాలు K లోకి రావు, కాబట్టి ఇక్కడ K అంటే CO2 పీడనమే, అట్మాస్ఫియర్లలో. ఇది మూడో పాఠంలోది, మళ్ళీ చెప్పను.

25 డిగ్రీల దగ్గర ఈ K ఎంతంటే 1.4 × 10⁻²³. అందుకే మన గచ్చు బండలు వాటంతట అవి సున్నం కావు. ఇప్పుడు ప్రశ్న: K ఒకటి కావాలంటే, అంటే CO2 ఒక అట్మాస్ఫియర్ పీడనంతో తన్నుకుని బయటికి రావాలంటే ఎంత వేడి కావాలి? K2 = 1 పెట్టండి, ln(K2/K1) 52.6 వస్తుంది. ΔH/R అంటే 178000/8.314, అది 21,410.

```
52.6 / 21410 = 0.002457
1/T2 = 1/298 − 0.002457 = 0.000899
T2 = 1112 K = 839 °C
```

చక్కగా వచ్చింది, కానీ తప్పు. కొలిచి చూస్తే K ఒకటయ్యేది 898 డిగ్రీల దగ్గర. దాదాపు అరవై డిగ్రీల తేడా. యూనిట్లు సరిగ్గానే ఉండాయి, కెల్విన్‌లోనే చేసినాం, గుర్తు సరిగ్గానే ఉంది. మరి యాడ తప్పినాం?

ఈ సమీకరణం తయారు చేసేటప్పుడే ΔH రెండు ఉష్ణోగ్రతల మధ్య మారదు అని ఒక మాట అనుకున్నారు. పది డిగ్రీలకు, యాభై డిగ్రీలకు ఆ మాట నిలబడుతుంది. మనం దాటింది ఎనిమిది వందల డిగ్రీలు పైన. రాయిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడి, సున్నం, CO2 రెండింటికీ కలిపి పట్టేదానికంటే ఎక్కువ. అందువల్ల వేడి పెరిగేకొద్దీ రెండు వైపుల మధ్య ఎంథాల్పీ తేడా కొంచెం కొంచెం తగ్గుతా పోతుంది. 900 డిగ్రీల దగ్గర అది 178 కాదు, 168 ప్రాంతానికి వచ్చి ఉంటుంది. మనం దారి పొడవునా 178 పట్టుకునే నడిచినాం కాబట్టి K నిజంగా పెరిగేదానికంటే తొందరగా పెరిగినట్టు లెక్క చూపించింది, 898కి రావాల్సింది 839కే వచ్చేసింది.

అందుకని నా పద్ధతి ఏందంటే, దూరం నుంచి దూకొద్దు. మీకు కావాల్సిన చోటికి దగ్గరలో కొలిచిన విలువ ఒకటి దొరికితే అక్కడి నుంచి మొదలుపెట్టి, ఆ వేడికి తగిన ΔH తీసుకోండి. మనకు 898 డిగ్రీలు, అంటే 1171 కెల్విన్ దొరికింది, అక్కడ K ఒకటి.

ఇప్పుడు నిజమైన బట్టీ. బట్టీలో అంతా CO2నే ఉండదు, గాలి లాగుతా ఉంటుంది, పొగలో CO2 పావు వంతు ఉందనుకుందాం. అంటే CO2 పీడనం 0.25. రాయి విడిపోవడం మొదలుకావాలంటే K 0.25 దాటితే చాలు. ln 0.25 అంటే −1.386.

```
168000 / 8.314 = 20207
1/T2 = 1/1171 + 1.386/20207 = 0.000854 + 0.0000686
T2 = 1084 K = 811 °C
```

పొగ బాగా లాగితే 811 డిగ్రీలకే పని మొదలైపోతుంది, దాదాపు తొంభై డిగ్రీలు తక్కువలో. కానీ పెద్ద రాయి అయితే లోపల పుట్టిన CO2 బయటికి రావడానికి దారి దొరకదు, రాయి నడిమధ్యలో చుట్టూ అంతా CO2నే, అక్కడ పీడనం ఒకటి దాకా పోతుంది. అంటే బయట 811 చాలినా లోపలికి 898 దాటాల్సిందే. సున్నం నీళ్ళలో వేసినప్పుడు పైదంతా చిటపటమని విరిగి, మధ్యలో రాయి ముక్క అట్లనే మిగిలిపోయేది చూసే ఉంటారు, అది ఈ వేడి అందని భాగం. అందుకే రాళ్ళను చిన్నగా కొట్టి వేస్తారు, వేడి కూడా 898 మీద ఇంకా పైకే పెడతారు.

ఒక్కటి మాత్రం కలపొద్దు. ఎంత సేపట్లో కాలుతుంది అనేది ఈ సమీకరణం చెప్పదు, ఎంత దూరం పోగలదు అనేది మాత్రమే చెప్తుంది. వేగం సంగతి వేరే పాఠం.

ఇంటి పని. ఈసారి కొంచెం గట్టిది, తిట్టుకోవద్దు. అమ్మోనియా:

```
N2 + 3H2 ⇌ 2NH3
ΔH = −92 kJ,  25 °C దగ్గర K = 6 × 10⁵
```

మొదట K ఒకటయ్యే ఉష్ణోగ్రత కనుక్కోండి. తర్వాత 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర K ఎంతో చేయండి. ఆ తర్వాత అదే చర్యను ఒక NH3 వచ్చేటట్టు సగానికి రాసి మొత్తం మళ్ళా చేయండి. సగానికి రాసినప్పుడు ΔH ఏమవుతుందో, 25 డిగ్రీల దగ్గర K ఏమవుతుందో నేను చెప్పను. రెండు విధాలా చేసినప్పుడు K ఒకటయ్యే ఉష్ణోగ్రత ఒకటే రావాలి, రాలేదంటే ΔH ఒక చర్యది, K ఇంకో చర్యది పెట్టినారన్నమాట. 400 దగ్గర కొలిచిన విలువ 1.6 × 10⁻⁴. మీ జవాబు దానికి మూడు నాలుగు రెట్లు ఎక్కువ వస్తే కంగారు పడొద్దు, అట్లనే రావాలి. ఎందుకు ఎక్కువ వచ్చిందో, అంటే ΔH ఏ వైపు జరిగి ఉంటుందో రెండు లైన్లలో రాసి పంపండి.

ప్రతి T పక్కనా కెల్విన్ గుర్తుగా K అక్షరం పెట్టి పంపండి. సెల్సియస్‌లో చేసిన పేపరు నేను తెరిచి చూసేది లేదు.