తర్కం సొంతంగా నేర్చుకుందాం – 4వ భాగం: టాబ్లో గీసి షరతులు పొసగుతాయో లేదో తేల్చడం

పోయిన భాగంలో కొమ్మలు చీల్చే నియమాలు చూశాం. ఈసారి రెండు నియమాలు చాలు. X ∨ Y కనిపిస్తే కొమ్మను రెండుగా చీల్చి ఒకవైపు X, రెండోవైపు Y రాస్తాం. X → Y కనిపిస్తే ఒకవైపు ¬X, రెండోవైపు Y రాస్తాం. ఒకే కొమ్మ మీద ఒక అక్షరం, దాని నిరాకరణ రెండూ వస్తే అక్కడ × పెట్టి ఆ కొమ్మను మూసేస్తాం. 1955లో డచ్ తార్కికుడు ఎవర్ట్ బెత్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిని, మనం ఇప్పుడు గీసే చెట్టు రూపానికి రేమండ్ స్మల్యన్ తీర్చిదిద్దాడు.

గృహప్రవేశానికి ఎవరెవరు వస్తారో లెక్క వేస్తున్నాం అనుకోండి. P అంటే పెద్దమ్మ వస్తుంది, B అంటే బాబాయి వస్తాడు, M అంటే మామయ్య వస్తాడు. ఇంట్లో తలా ఒకరు చెప్పిన మాటలు ఇవి:

```
1. P ∨ B     పెద్దమ్మో బాబాయో ఒకరైనా రావాలి
2. P → M     పెద్దమ్మ వస్తే మామయ్యా వస్తాడు
3. B → ¬M    బాబాయి వస్తే మామయ్య రాడు
4. M → B     మామయ్య వస్తే బాబాయీ వస్తాడు
```

3, 4 పక్కపక్కన చూడగానే ఇవి పొసగవనిపిస్తుంది. ఆ తొందర వద్దు, చెట్టు గీద్దాం. నాలుగింటినీ పైన రాసి, మొదట 1ని చీల్చాలి.

```
          P ∨ B
        /       \
       P         B
      / \       / \
    ¬P   M    ¬B   ¬M
     ×  / \    ×   / \
      ¬B  ¬M     ¬P   M
      / \   ×         ×
    ¬M   B
     ×   ×
```

ఎడమవైపు P. 2ని చీలిస్తే ¬P, M వస్తాయి. ¬P పైనున్న P తో ఢీకొని మూసుకుంటుంది. మిగిలిన M కింద 3ని చీలిస్తే ¬B, ¬M. ¬M మూసుకుంటుంది. ¬B కింద 4ని చీలిస్తే ¬M, B. మొదటిది M తో, రెండోది ¬B తో ఢీకొంటుంది. అంటే పెద్దమ్మ వచ్చే దారి మొత్తం మూసుకుపోయింది.

కుడివైపు B. 3ని చీలిస్తే ¬B మూసుకుని ¬M మిగులుతుంది. 4 అడిగే ¬M ఆ కొమ్మ మీద ఇప్పటికే ఉంది కాబట్టి దాన్ని మళ్లీ చీల్చే పని లేదు. 2ని చీలిస్తే M మూసుకుంటుంది, ¬P తెరిచే ఉంటుంది. ఆ కొమ్మ మీద వాడని ఫార్ములా ఏదీ మిగల్లేదు. కాబట్టి నాలుగు షరతులూ పొసగుతాయి.

తెరిచి ఉన్న ఆ కొమ్మను కింది నుంచి పైకి చదవండి: ¬P, ¬M, B. బాబాయి ఒక్కడే వస్తాడు. ఈ విలువలు నాలుగింటిలోనూ పెట్టి చూస్తే అన్నీ సత్యమే అవుతాయి. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే: పొసగుతాయని చెప్పి ఊరుకోదు, ఎలా పొసగుతాయో చూపిస్తుంది.

ఇప్పుడు బాబాయికి సెలవు దొరకలేదు. ¬B ని ఐదో షరతుగా చేర్చండి. చీలిక అక్కర్లేనివాటిని ముందు రాస్తే చెట్టు చిన్నదవుతుంది కాబట్టి ¬B తో మొదలుపెడదాం. 1ని చీలిస్తే B మూసుకుని P మిగులుతుంది. 2ని చీలిస్తే ¬P మూసుకుని M మిగులుతుంది. 4ని చీలిస్తే ¬M, B రెండూ మూసుకుంటాయి. తెరిచిన కొమ్మ ఒక్కటీ లేదు. కాబట్టి ఈ ఐదూ కలిసి పొసగవు.

ఇక్కడ 3ని మనం ముట్టుకోలేదు, గమనించారా? మొదట అనుమానించింది దాన్నే, కానీ గొడవ దానివల్ల కాదు. 3ని తీసేసినా మిగతా నాలుగూ పొసగవు. పొసగని జాబితాను సరిచేయాలంటే, చెట్టులో నిజంగా వాడిన షరతుల్లో ఏదో ఒకటి సడలించాలి.

నేర్చుకునే రోజుల్లో నేను పదేపదే చేసిన తప్పు ఒకటుంది. ఎడమ కొమ్మ మీది P ని, కుడి కొమ్మ మీది ¬P ని చూసి × పెట్టేసేదాన్ని. మూసే ముందు ఆ కొస నుంచి వేరుదాకా వేలు పెట్టి ఎక్కండి. రెండూ ఆ దారిలోనే తగలాలి. ఇంకో తప్పు, ఒక ఫార్ములాను ఒక కొమ్మ మీద చీల్చి మిగతా తెరిచిన కొమ్మలను మర్చిపోవడం. అప్పుడు ఇంకా పని మిగిలున్న కొమ్మను తెరిచిన కొమ్మ అనుకుని, పొసగని జాబితాను పొసగుతుందని చెప్పేస్తాం. వాడిన ఫార్ములా పక్కన టిక్ పెట్టే ముందు, దాని కింద తెరిచి ఉన్న ప్రతి కొమ్మకూ అది చేరిందో లేదో చూసుకోండి.

వచ్చే భాగానికి: ¬B బదులు M చేర్చి చెట్టు గీయండి. ఈసారి ఏ రెండు షరతులను ముట్టుకోకుండానే అన్ని కొమ్మలూ మూసుకున్నాయో రాసిపెట్టుకోండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.