స్ప్రాకెట్ పళ్ళు మార్చే ముందు చైన్ కొలిచారా?

పోయిన వారం మా ఫ్రెండ్ బండి చైన్ ఊడిపోయింది. తెగలేదు, ఊడింది. ఎత్తు ఎక్కుతూ సెకండ్ గేర్‌లో గట్టిగా లాగాడు, కటకటమని రెండుసార్లు చప్పుడొచ్చింది, మూడోసారికి చైన్ ముందు స్ప్రాకెట్‌కీ ఇంజన్ కేసుకీ మధ్య ముద్దలా ఇరుక్కుని వెనక చక్రాన్ని పట్టేసింది. స్పీడు ముప్పై లోపే కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది గానీ, కేసుకు బొటనవేలు దూరేంత కన్నం పడి ఆయిలంతా రోడ్డు మీదే. మూడు రోజుల ముందు పికప్ కోసమని ముందు స్ప్రాకెట్ 14 పళ్ళది తీసి 13 పళ్ళది వేయించాడు. స్ప్రాకెట్ కొత్తది, చైన్ పాతది.

ఈ తప్పు నేను చూడటం ఇది నాలుగోసారి.

చైన్ అరిగితే లింకుల మధ్య దూరం పెరుగుతుంది, కొత్త స్ప్రాకెట్ పళ్ళ మధ్య దూరం మాత్రం లెక్క ప్రకారమే ఉంటుంది. రెండూ కుదరక బరువంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడి, చైన్ పళ్ళ కొసకు పాకి, గట్టిగా లాగినప్పుడు ఎగురుతుంది. పైగా ముందు స్ప్రాకెట్ చిన్నదైతే అదే ఇంజన్ బలానికి చైన్ మీద లాగుడు 14 నుంచి 13కి వచ్చేసరికి సుమారు 8 శాతం పెరుగుతుంది. అంటే అలిసిపోయిన చైన్‌కే ఎక్కువ పని చెబుతున్నారన్నమాట. కొత్త చైన్ కొని పాత స్ప్రాకెట్ల మీద వేసినా కథ ఇదే, కాకపోతే ఈసారి చైన్ పాడవుతుంది.

కొలవడం కష్టమేం కాదు. చిన్న బండ్లకు ఎక్కువగా వచ్చే 428 చైన్ అయితే, బిగుతుగా లాగి పట్టి, ఒక పిన్ను నడిమి నుంచి ఇరవై ఖాళీల అవతలి పిన్ను నడిమి దాకా టేపు పెట్టండి. కొత్తదైతే 254 మిల్లీమీటర్లు. 257 దాటితే నేనైతే ఆ చైన్ మీద కొత్త పళ్ళు వేయను. టేపు లేదా, వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వేలితో వెనక్కి లాగండి, పన్ను సగం బయటికి కనపడితే దాని పని అయిపోయినట్టే.

ఇంతకీ ఒక పన్ను తగ్గిస్తే ఏమొస్తుంది? వెనక 42 పళ్ళనుకుంటే నిష్పత్తి 3.00 నుంచి 3.23 అవుతుంది, దాదాపు వెనక మూడు పళ్ళు పెంచినంత. పికప్ బాగుంటుంది, నిజమే. కానీ టాప్ గేర్‌లో 6000 ఆర్‌పీఎమ్ దగ్గర 80 పోయే బండి 74కే ఆగుతుంది, 80 కావాలంటే 6460 దాకా తిప్పాలి, కాబట్టి హైవే మీద మైలేజ్ పడుతుంది. మరి "నాకు తగ్గలేదే" అనేవాళ్ళుంటారు. స్పీడు సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరుండే బండ్లలో మీటర్ దూరాన్ని ఎక్కువ చూపిస్తుంది. 45 ఇచ్చే బండి నిజంగా 42కి పడినా మీటర్ లెక్కలో 45 గానే వస్తుంది! సెన్సర్ చక్రం దగ్గరుంటే ఈ గొడవ లేదు. 15 వేసుకుంటే టాప్ స్పీడ్ పెరుగుతుందన్న ఆశ కూడా చాలాసార్లు ఆశే, చిన్న ఇంజన్‌కి గాలిని తోసుకుంటూ ఆ గేర్‌ని లాగే బలం ఉండదు.

చైన్ మార్చేశారా? అయితే ఇవి.

వెనక మూడు పళ్ళు పెంచితే అదే పొడవు చైన్‌తో చక్రం దాదాపు 10 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి, చోటు లేకపోతే పొడవైన చైన్ తెచ్చుకోండి తప్ప బిగించి సరిపెట్టకండి, బిగుతు చైన్ గేర్‌బాక్స్ బేరింగ్‌ని తినేస్తుంది. చక్రం తిప్పుతూ చైన్ ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడే లూజు కొలవండి, ఎంత ఉండాలో బండి మాన్యువల్లో ఉంటుంది. రెండు పక్కలా చైన్ అడ్జస్టర్ గీతలు సమానంగా ఉండాలి. డ్రమ్ బ్రేకైతే చక్రం జరిగాక బ్రేక్ పెడల్ మళ్ళీ సరిచేయాలి, ఇది మెకానిక్కులే మర్చిపోతారు. లాక్ లింక్ క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ పోయే దిక్కుకి. ముందు స్ప్రాకెట్ లాక్ ప్లేటు వదిలేయొద్దు. ఇంజన్ ఆన్‌లో ఉండగా చైన్ దగ్గర వేలు పెట్టొద్దు, గుడ్డ అసలే పెట్టొద్దు. వంద కిలోమీటర్లకి లూజు, యాక్సిల్ నట్ మళ్ళీ చూడండి. కటకట వినపడితే "ఇంటికెళ్ళాక చూద్దాం" అనకుండా అక్కడే ఆపండి. "చైన్ ఇంకా బానే ఉంది సార్" అని ఎవరన్నా అంటే టేపు తీయండి. 257 దాటిందా, పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేయించొద్దు.